మోషన్ స్టడీలో సున్నా, మిషన్‌లో రాపిడి: తప్పు ఎవరిది?

పలాస_కుర్రోడు: సాలిడ్‌వర్క్స్‌లో జీడిపిక్కలు కోసే మిషను గీశాను. క్రాంకు నిమిషానికి 60 చుట్లు తిరుగుతుంది. మోషన్ అనాలిసిస్‌లో 5 సెకన్లు నడిపి, ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరుతున్నాయేమోనని Find Interferences Over Time చూస్తే ఒక్కటీ రాలేదు. తయారయ్యాక చేత్తో తిప్పితే కనెక్టింగ్ రాడ్డు పక్క ప్లేటు మీది ఎం8 బోల్టు తలను చుట్టుకోసారి గీస్తోంది. మా మేస్త్రి సాఫ్ట్‌వేర్‌ను తిడుతున్నాడు, నేను వెల్డింగ్‌ను తిడుతున్నాను. ఎవరిది తప్పు?

లేత్_బాబాయ్: వెల్డింగ్‌దే అయ్యుంటాది బాబూ. ప్లేటు లాగేసుంటాది. ముందు మూలమట్టం పెట్టి చూడు. అయినా మేం అట్టముక్క కత్తిరించి, సూది గుచ్చి తిప్పి చూసుకునేవోళ్ళం. ఈ గొడవలేటీ ఉండేవి కాదు.

పలాస_కుర్రోడు: చూశాను బాబాయ్, ప్లేటు బాగానే ఉంది. రాడ్డుకీ ప్లేటుకీ మధ్య 5 మి.మీ. మోడల్‌లోనూ అంతే.

గేరుపెట్టె: బోల్టు మోడల్‌లో ఉందా? చాలామంది చివర్లో పెడదామని వదిలేస్తారు.

పలాస_కుర్రోడు: ఉందండీ. తల ఎత్తు 5.3.

చీపురుపల్లి_సీనియర్: 5 మి.మీ. సందులో 5.3 తల పెట్టి, రాడ్డు దాని మీదుగా పోతే తగలకుండా ఎలా ఉంటుంది? మోడల్‌లోనే తగులుతోంది, నీకు కనబడలేదంతే. క్రాంకుకి డిగ్రీల చక్రం అంటించి, ఏ కోణం నుంచి ఏ కోణం దాకా గీస్తోందో చెప్పు. Frames per second ఎంతుందో కూడా.

పలాస_కుర్రోడు: 132 నుంచి 140 డిగ్రీల దాకా. ఫ్రేములు 25, నేను మార్చలేదు.

చీపురుపల్లి_సీనియర్: దొరికింది. సెకనుకి ఒక చుట్టు, 25 ఫ్రేములు, అంటే ఫ్రేముకి 14.4 డిగ్రీలు. తొమ్మిదో ఫ్రేము 129.6 దగ్గర, పదోది 144 దగ్గర. నీ 132–140 సరిగ్గా ఆ మధ్యలో పడింది. ఆ చెకింగు ఫ్రేముల దగ్గరే చూస్తుంది, మధ్యలో ఏం జరిగిందో దానికి తెలీదు. 5 సెకన్లు నడిపినా లాభం లేదు, ఎందుకంటే చుట్టుకి కచ్చితంగా 25 ఫ్రేములు కాబట్టి ప్రతి చుట్టులోనూ అవే 25 కోణాలు చూశావు. అదే సినిమాను ఐదుసార్లు వేసుకున్నట్టు. 250 పెట్టి ఒకే చుట్టు నడుపు, Increment 1 ఉంచు.

జీడిపప్పు_ఇంజినీర్: అంత బరువెందుకు? మోటారును 6 చుట్లకి తగ్గించి 10 సెకన్లు నడిపితే అదే 1.44 డిగ్రీలు వస్తుంది కదా. లేదంటే రాడ్డుకీ బోల్టుకీ కాంటాక్టు పెట్టేయండి, తగిలిన చోట ఆగిపోతుంది.

చీపురుపల్లి_సీనియర్: మొదటిది ఇక్కడ సరే. కానీ స్ప్రింగుతో వెనక్కొచ్చే భాగం ఉంటే వేగం మారితే దాని దారి కూడా మారొచ్చు, అప్పుడు అసలు వేగంతోనే నడపాలి. రెండోది మాత్రం వద్దు. కాంటాక్టు పెడితే ముక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, లోపలికి దూరవు. అప్పుడు ఇంటర్‌ఫియరెన్సు దాదాపు ఏమీ రాదు, నువ్వేమో బాగుందనుకుంటావు. చెకింగుకి నడిపేటప్పుడు కాంటాక్టు తీసేయాలి.

పలాస_కుర్రోడు: 250తో నడిపాను. ఆరు ఫ్రేముల్లో తగిలింది, 132.48 నుంచి 139.68 దాకా. బోల్టును బటన్‌హెడ్‌కి మార్చాను, తల ఎత్తు 4.4. ఇప్పుడు సున్నా. తయారీకి ఇచ్చేయొచ్చా?

లేత్_బాబాయ్: ఇవ్వకు. 0.6 సందు సందేటి? సీఎస్‌కే బోల్టు ఏసీ, తల ప్లేటులో దిగిపోద్ది, గొడవే ఉండదు.

చీపురుపల్లి_సీనియర్: బాబాయ్ మాటే నాదీ, కారణం వేరు. సున్నా అంటే ఒకదాంట్లో ఒకటి దూరలేదని మాత్రమే. వెంట్రుకంత సందున్నా సున్నాయే. పైగా మోడల్‌లో రాడ్డు ఊగదు, మేట్ దాన్ని నడిమధ్యలో పట్టి ఉంచుతుంది. నీ రాడ్డు కత్తి చివర పిన్ను మీద పక్కకి ఎంత జరుగుతుంది?

పలాస_కుర్రోడు: కొలిచాను. ప్లేటు వైపు 1.5 దాకా జరుగుతోంది. క్రాంకు చివర గట్టిగానే ఉంది.

చీపురుపల్లి_సీనియర్: బోల్టు రాడ్డు పొడవులో సగం దగ్గరుంటే అక్కడ 0.75 జరుగుతుంది. నీకున్నది 0.6. మళ్ళీ గీస్తుంది. రాడ్డుకి ఇంకో కాన్ఫిగరేషన్ చేసి ప్లేటు వైపు ముఖాన్ని 1 మి.మీ. బయటికి లాగి, దాంతో నడిపి చూడు. అప్పుడూ సున్నా వస్తే ఆ మిల్లీమీటరు నిజంగా ఉన్నట్టు.

జీడిపప్పు_ఇంజినీర్: ప్రతి ముక్కనీ అలా లావు చేస్తే మిషను బీరువా అంత అవుతుంది సార్. పిన్ను దగ్గర వాషరేసి ఆ 1.5ని 0.3కి తెస్తే బటన్‌హెడ్ చాలు.

లేత్_బాబాయ్: ఆరు నెల్లకి ఆ వాషరరిగిపోద్ది. జీడి నూనె పట్టిన మిషను నువ్వు ఇప్పి చూశావేటి ఎప్పుడైనా?

పలాస_కుర్రోడు: ప్లేటు 6 మి.మీ. ఉంది, సీఎస్‌కే తల పట్టేలాగే ఉంది. కానీ కన్నాలు మళ్ళీ కోయాలంటే మేస్త్రి ఒప్పుకోవాలి. రేపు అడిగి చెబుతా.