లంబోదర లకుమికర – భజన కాగితంలో ఏది వేయించాలి?

గోదారిగట్టు: మా వీధి వినాయకుడి మండపంలో పది రోజులూ సాయంత్రం హారతి అయ్యాక భజన ఉంటుంది. ఒకరు చరణం ఎత్తుకుంటారు, మిగతా అందరం "లంబోదర లకుమికర" అని అందుకుంటాం. పురందరదాసు గీతమే, భజన చేసుకున్నాం. ఈసారి పిల్లల కోసం పాట అచ్చు వేయిస్తున్నాం. ప్రూఫ్ చూసిన పెద్దాయన ఒకరు "లకుమి" కొట్టేసి "లక్ష్మీకర" అని దిద్దారు. నాకు మనసొప్పడం లేదు గానీ కారణం చెప్పలేకపోయాను. ఇంకో సందేహం కూడా. ఇక్కడ "కర" అంటే చేయడమా, చెయ్యా?

మల్లెపందిరి: చెయ్యే. "ముదా కరాత్త మోదకం" గుర్తు చేసుకోండి, అక్కడ కరం చెయ్యే కదా. వినాయకుడికైతే కరం అంటే తొండం కూడా. చేతిలో లక్ష్మి ఉన్నవాడని మా అమ్మమ్మ చెప్పేది.

పాతబడి మాష్టారు: అమ్మా, ఆ శ్లోకంలో కరం చెయ్యే, కాదనను. కానీ అక్కడ "కర" ముందుంది, "ఆత్త" వెనక వచ్చింది. చేత పుచ్చుకున్న మోదకం గలవాడని అర్థం. ఇక్కడ "కర" సమాసం చివర ఉంది. శుభకర, లాభకర ఎలాగో ఇదీ అంతే. సిరిని కలిగించేవాడు.

మల్లెపందిరి: చివర ఉంటే చెయ్యి కాకూడదని రూలేమీ లేదు కదా మాష్టారూ. "వరదకర" అంటే?

పాతబడి మాష్టారు: అది వరదముద్ర పట్టిన చెయ్యి. కాకూడదని నేననలేదు, ఇక్కడ పొసగదంటున్నాను. దాసు చేతిలోని వస్తువు చెప్పదలిస్తే పాశమో అంకుశమో చెప్పేవాడు.

రెండోకాలం: ప్రశ్న లకుమి గురించి, కరం గురించి కాదు. తాళం చూడండి. రూపకం, ఆవృత్తానికి ఆరు అక్షరాలు. "లక్ష్మీకర" అంటే తాళం తప్పుతుంది, అందుకే దాసు దాన్ని కరిగించి "లకుమి" చేశాడు. అంతకుమించి ఏమీ లేదు.

వీణ వారి అమ్మాయి: అన్నయ్యా, తాళం తప్పదు. లెక్కపెట్టండి. "లంబోదర"లో రెండు గురువులు, రెండు లఘువులు, మొత్తం ఆరు మాత్రలు. "లక్ష్మీకర" కూడా అచ్చం అంతే. ఛందస్సు ప్రకారమైతే "లక్ష్మీకర" చక్కగా జోడీ కుదురుతుంది. తేడా వేరే చోట ఉంది. మలహరిలో మాకు నేర్పింది "సరిమ,గరి సరిగరిస,". ఆ చివరి సగంలో ల-కు-మి-క-ర, స్వరానికో అక్షరం, అయిదూ లఘువులే. ఆరో అక్షరకాలం షడ్జం మీద నిలుపు. భజనలో గుంపు ఊపిరి తీసుకునేదీ, ముందు పాడేవాళ్ళు తర్వాతి చరణం ఎత్తుకునేదీ అక్కడే. "లక్ష్మీకర" పెడితే ఆరో కాలంలోనూ "ర" ఉంటుంది, నిలుపు పోతుంది. చిడతలు పట్టుకుని ఒకసారి పాడి చూడండి, రెండు మూడు ఆవృత్తాలకే తెలిసిపోతుంది. ఎవరో ఒకరు చరణం మీదికి దూకుతారు, మిగతావాళ్ళు ఇంకా "ర" దగ్గరే ఉంటారు.

రెండోకాలం: నిలుపు సంగతి ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా ఉంది. మలహరి ఆరోహణలో గాంధారం లేదు, అవరోహణలోనే ఉంది. ఆ "సరిగరి" పలుకు మీద మా గురువుగారు ఒక పూటంతా మాట్లాడారు.

కొండవీటి గాలి: "లకుమి" అనగానే నాకు కుమారగిరిరెడ్డి ఆస్థాన నర్తకి లకుమ గుర్తొస్తుంది. ఆ పేరూ లక్ష్మి నుంచే వచ్చిందని నా నమ్మకం. అన్నమయ్య తల్లి లక్కమాంబ. అంటే "లక్క", "లకుమ", "లకుమి" అన్నీ మన నేల మీదివే. పాటలో మాట తెలుగే అయి ఉండవచ్చు కదా!

పాతబడి మాష్టారు: లకుమ, లక్కమ వరకు మీతో వస్తాను. మన వాడుకలో లక్ష్మికి లచ్చి, లచ్చిమి కూడా ఉన్నాయి. పాట మాత్రం కన్నడ దాసుది. "లకుమి" హరిదాసుల నోట నలిగిన కన్నడ మాట. మన సంగీతం పాఠం పురందరదాసు స్వరావళులతో మొదలవుతుంది కాబట్టి పిళ్ళారి గీతాలు మన ఇళ్ళల్లోకి వచ్చాయి, వాటితో పాటే లకుమీ వచ్చింది. మనకు తెలుగులా వినిపించడానికి అదే కారణం.

శబ్దమంజరి: అయితే ఇది వైరి సమాసం కాదా? తద్భవం పక్కన సంస్కృతం "కర". చిన్నయసూరి ఒప్పుకుంటాడా?

పాతబడి మాష్టారు: కన్నడిగులూ దీన్ని అరిసమాసమనే అంటారు, వాళ్ళ వ్యాకర్తలూ వద్దనే అన్నారు. పాడుకునేవాళ్ళ కోసం కట్టిన పాటకు ఆ నిషేధం వర్తింపజేయడం నాకు ఇష్టం లేదు.

శబ్దమంజరి: మీ ఇష్టానికీ వ్యాకరణానికీ సంబంధం ఏముంది మాష్టారూ? పెద్దాయన దిద్దుబాటు వ్యాకరణం ప్రకారం సరైనదే అంటున్నాను.

మండపం దగ్గరివాడు: మాకైతే అర్థంతో గొడవ లేదు, స్పీడుతోనే. ఢోలక్ వేగం పెంచగానే "లకుమికర" కాస్తా "లకుంకర" అయిపోతోంది. పిల్లలు అదే నేర్చుకుంటున్నారు. ఏం చేయాలి?

వీణ వారి అమ్మాయి: "మి" మీద తాళం కొట్టించండి బాబూ. అక్కడ చప్పుడు పడితే ఆ అక్షరాన్ని ఎవరూ మింగరు. వేగం ఆఖరి రెండుసార్లకే పెంచండి.

కొండవీటి గాలి: వినాయకుడి మీద అక్షరాల సొగసంటే నాకు పోతనే. "ఆదరమొప్ప మ్రొక్కిడుదు" పద్యంలో భేదికి, వినోదికి, వాదికి, ఖాదికి అంటూ "ది" మీద అలా నడిపిస్తూ పోతాడు. మూషికం మీద స్వారీ చేసేవాడిని "సమదమూషకసాదికి" అంటాడు చూడండి, సాది అంటే రౌతు. ఎలుకకు రౌతు అన్న ఊహే చాలు నాకు.

శబ్దమంజరి: ఆ "సమద" ఎవరికి, ఎలుకకా రౌతుకా?

కొండవీటి గాలి: ఎలుకకే! మదించిన ఎలుకను అదుపులో పెట్టినప్పుడే కదా రౌతు గొప్ప తెలిసేది.

శబ్దమంజరి: ఏనుగు ముఖం వాడికి మదం కొత్తా? సాదికే అన్వయించుకోవచ్చంటాను.

గోదారిగట్టు: కాగితం రేపు ప్రెస్సుకి వెళ్ళాలి. "లకుమికర" అనే వేయిస్తున్నాను. పెద్దాయనకి నిలుపు విషయం పాడి వినిపించాను. ఆయన సగమే ఒప్పుకున్నారు, సమాసం దగ్గర మాత్రం శబ్దమంజరి గారి మాటే అంటున్నారు.

పాతబడి మాష్టారు: సరే. ఆ కాగితంలోనే "సిద్ధ చారణ గణ సేవిత" చరణం కూడా చూసుకోండి. చాలా చోట్ల "చరణ" అని వేస్తున్నారు. అక్కడ పాదాలు కావు, సిద్ధులూ చారణులూ అనే దేవగణాలు. "చా"కి దీర్ఘం ఉండాలి.

మల్లెపందిరి: సిద్ధులు చరణాలు సేవిస్తారని చెప్పుకుంటే మాత్రం తప్పేముంది మాష్టారూ?