రసీదు మీద "రెండు వేల": తప్పా, ఒప్పా?

అనిత: అందరికీ నమస్కారం. నాది సగం తెలుగు ప్రశ్న, సగం ఆఫీసు ప్రశ్న. ఒక ట్రస్టు విరాళాల రసీదులు ప్రింట్ చేసే పాత పైథాన్ ప్రోగ్రాం నా చేతికొచ్చింది. రాసినాయన ఎప్పుడో మానేశారు, ఒక్క టెస్టు కూడా లేదు. ఇప్పుడు డబ్బులు ఆన్‌లైన్లో వస్తున్నాయి కాబట్టి రసీదులో పైసలు కూడా అక్షరాల్లో రావాలన్నారు. కోడ్ తెరిచి చూస్తే `words(2000)` అనే ఫంక్షన్ "రెండు వేల" అని ఇస్తోంది. "రెండు వేలు" కదా ఉండాలి? 500కి కూడా "ఐదు వందల" అంటోంది. ఎలాగూ చేయి పెడుతున్నా కదా, ఇదీ దిద్దేద్దామనుకుంటున్నా. 100కి "వంద", 101కి "నూట ఒకటి", 1000కి "వెయ్యి" సరిగ్గానే వస్తున్నాయి.

విశ్వనాథం: అమ్మా, తొందరపడకండి. ఆ మాట తర్వాత ఏ మాట వస్తోందో చెప్పండి. తెలుగులో బహువచనపు "లు" మరో నామం ముందుకొస్తే "ల" అవుతుంది. చెట్లు, కానీ చెట్ల కొమ్మలు. ఊళ్లు, కానీ ఊళ్ల పేర్లు. అలాగే వేలు, కానీ వేల రూపాయలు. విడిగా పలికితే "రెండు వేలు" ఒప్పు. పక్కన రూపాయలు ఉంటే "రెండు వేల" ఒప్పు. ఆ రాసినాయనకి తెలుగు బాగా వచ్చేమో!

అనిత: అయ్యో, నిజమే మాస్టారూ. రసీదు ప్రింట్ చేసే చోట ఇలా ఉంది:

```python
line = words(amt) + " రూపాయలు మాత్రమే"
```

అంటే నేను దిద్ది ఉంటే "రెండు వేలు రూపాయలు మాత్రమే" అని పడేదన్నమాట.

సత్యవతి: మా ఇంట్లో చదివింపులన్నీ నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లే. మీ ప్రోగ్రాం "పదహార్లు" అనదా? "పదహారు రూపాయలు" అంటే చదివింపులా లేదండీ, కరెంటు బిల్లులా ఉంది. అసలీ పదహారు ఎందుకొచ్చిందో ఎవరైనా చెబుదురూ.

విశ్వనాథం: అది వేరే దారంలో మాట్లాడుకుందాం సత్యవతిగారూ, మొదలుపెడితే ఇక్కడ అనితగారి ప్రశ్న మునిగిపోతుంది.

కిరణ్: నేను టెస్టింగ్‌లోనే పనిచేస్తాను. సింపుల్. మాస్టారు సరైన తెలుగు చెబుతారు, మీరు ఆ జాబితాతో టెస్టులు రాయండి. ఏది ఫెయిలైతే అది బగ్. అన్నీ పాసయ్యేదాకా కోడ్ దిద్దండి. ఆ తర్వాత పైసలు కలపండి.

ఫణి: కిరణ్, కొత్త కోడ్‌కైతే అది సరైన పద్ధతే. ఇక్కడ మాత్రం అదే ప్రమాదం. అనితగారి మొదటి జాబితాలో "2000కి రెండు వేలు" అని ఉండేది. టెస్టు ఫెయిలయ్యేది, కోడ్ దిద్దేవారు, టెస్టు పచ్చగా మారేది, కౌంటర్లో రసీదు పాడయ్యేది. ఏళ్ల తరబడి నడుస్తున్న కోడ్ దగ్గర మొదట వేయాల్సిన ప్రశ్న "ఏమివ్వాలి" అని కాదు, "ఇప్పుడు ఏమిస్తోంది" అని. దాన్ని ఉన్నదున్నట్టు టెస్టుల్లో రాసిపెట్టుకోవాలి. ఇలాంటివాటికి క్యారెక్టరైజేషన్ టెస్టులని పేరు పెట్టింది మైఖేల్ ఫెదర్స్. టెస్టులు లేని కోడే లెగసీ కోడ్ అన్నదీ ఆయనే.

చేసే తీరు కొంచెం వింతగా ఉంటుంది. జవాబు మనం ఊహించం. కావాలనే తప్పు జవాబు పెడతాం:

```python
def test_2000():
    assert words(2000) == "?"
```

pytest నడిపితే ఇలా వస్తుంది:

```
E  AssertionError: assert 'రెండు వేల' == '?'
```

ఆ ఎడమవైపు మాటను ఎత్తి "?" ఉన్న చోట అతికించడమే. తప్పనిపించినా సరే, అతికించండి. నచ్చనివి పక్కన ఒక కాగితం మీద రాసుకోండి. కోడ్ మాత్రం ముట్టుకోవద్దు.

కిరణ్: అంటే తప్పుకి కూడా పచ్చ లైటు వేసి కూర్చోవడమా? రేపు కొత్తగా వచ్చినవాడు ఆ టెస్టు చూసి ఇదే రూలనుకోడూ?

ఫణి: అనుకుంటాడు, ఆ భయం నిజమే. అందుకే నేను వీటిని వేరే ఫైల్లో పెట్టి, పైన "ఇప్పుడు నడుస్తున్న తీరు ఇది, ఇదే సరైనదని కాదు" అని రాస్తాను. అంతకన్నా మంచి ఉపాయం నా దగ్గర లేదు.

అనిత: ఏ అంకెలు తీసుకోవాలి ఫణిగారూ? నేను 0, 1, 19, 20, 21, 99, 100, 101, 199, 200, 999, 1000, 1116, 2000, 99999, 100000 తీసుకున్నా. 0కి ఖాళీ వస్తోంది, రసీదు మీద ఉత్త "రూపాయలు మాత్రమే" అని. కోటికి `KeyError` వస్తోంది. 19.99 ఇస్తే "పందొమ్మిది" అంటోంది, పైసలు ఎగిరిపోయాయి.

ఫణి: మాట మారే గట్ల దగ్గర రెండు వైపులా పట్టుకున్నారు, బాగుంది. కోటి దగ్గర ఎర్రర్‌ని కూడా రాసిపెట్టండి, `pytest.raises(KeyError)` అని. పడిపోవడం కూడా దాని ప్రవర్తనే. 19.99ది మరీ ముఖ్యం, ఎందుకంటే మీరు మార్చబోయేది సరిగ్గా దాన్నే. పైసలు కలిపాక ఆ ఒక్క టెస్టే ఎర్రబడాలి. 2000 కూడా ఎర్రబడిందంటే అడగనిది ఏదో మారిందన్నమాట.

ఇది తేలికపాటి ఫంక్షన్ కాబట్టి ఇంకో పని కూడా చేయొచ్చు. 0 నుంచి 99,999 దాకా లూప్ తిప్పి, ప్రతి అంకెనూ దాని మాటనూ ఒక ఫైల్లోకి రాయించి గిట్‌లో పెట్టేయండి. మార్పు చేశాక మళ్లీ రాయించి `git diff` చూడండి. ఒక్క లైను కూడా తేడా రాకూడదు. ఒక జాగ్రత్త: ఆ ఫైలు మీ దగ్గరున్న కోడ్‌తో కాదు, కౌంటర్లో నడుస్తున్న కాపీతో తీయండి. ఇలాంటి చోట్ల ఆ రెండూ ఒకటే అని నమ్మడానికి లేదు.

మస్తాన్: నేను ప్రోగ్రామర్ని కాదండీ, ఇలాంటి ఆఫీసులోనే అకౌంట్లు రాస్తాను. ఆ సున్నాని దిద్దొద్దు. మా దగ్గర రద్దు చేసిన రసీదుకి మొత్తం సున్నా వేస్తాం, అక్షరాల చోటు ఖాళీగా వస్తుంది, అక్కడే రద్దు ముద్ర కొడతాం. మీవాళ్లూ అదే చేస్తున్నారేమో కనుక్కోండి. "సున్న రూపాయలు" అని పడితే ముద్రకి చోటుండదు.

అనిత: ఇప్పుడే ఫోన్ చేసి అడిగా మస్తాన్‌గారూ. వాళ్లూ అంతే! నేను కాగితం మీద "బగ్" అని రాసుకున్నా, కొట్టేశా.

ఇంకో విచిత్రం. కౌంటర్ కాపీతో తీసిన ఫైలుకీ, నేను చేత్తో టైప్ చేసిన టెస్టులకీ 20 నుంచి కొన్ని చోట్ల పడట్లేదు. స్క్రీన్ మీద రెండు వైపులా "ఇరవై" అనే ఉంది! అచ్చం ఒకేలా ఉన్నాయి, టెస్టు మాత్రం ఫెయిల్. బుర్ర వేడెక్కిపోయింది.

ఫణి: రెంటినీ `ascii()`లో వేసి చూడండి.

అనిత: చూశా:

```
'\u0c07\u0c30\u0c35\u0c48'
'\u0c07\u0c30\u0c35\u0c46\u0c56'
```

మొదటిది నేను టైప్ చేసింది, రెండోది పాత కోడ్‌ది.

ఫణి: అనుకున్నా. మీ ఐత్వం ఒకే గుర్తు, 0C48. పాతదాంట్లో అదే ఐత్వం రెండు ముక్కలుగా ఉంది, ఎత్వం 0C46, దాని కింద 0C56. యూనికోడ్ లెక్కలో రెండూ సమానమే, కానీ `==` ఊరికే పోల్చినప్పుడు సమానం కావు. ఏ పాత ఫాంటు ఫైలునో మార్పిడి చేసినప్పుడు అలా వచ్చి ఉంటుంది. ఇరవై, ముప్పై, నలభై, తొంభై దాకా పదులన్నిట్లో ఐత్వం ఉంది కదా, అన్నిచోట్లా ఇదే తంటా రావచ్చు.

కిరణ్: అయితే టెస్టులో రెండు వైపులా `unicodedata.normalize("NFC", ...)` కొట్టి రెంటినీ ఒకే రూపానికి తెచ్చేస్తే గొడవ వదిలిపోతుంది.

ఫణి: వదిలిపోతుంది, దాంతో పాటు మనకి తెలియాల్సిన సంగతి కూడా వదిలిపోతుంది. ఆ మాటలు డేటాబేసులోకి వెళ్తున్నాయా, ఎవరైనా వాటిమీద వెతుకుతున్నారా, ఆ ప్రింటర్ ఫాంటుకి రెండో రూపమే సరిపడిందా అన్నది ఇంకా తెలియదు. ఇప్పటికి ముక్కల్ని ముక్కలుగానే రాసిపెట్టాలి. చేత్తో టైప్ చేయకుండా వచ్చిందాన్నే అతికించమన్నది ఇందుకే.

విశ్వనాథం: పాత తాళపత్రాలకు ప్రతి రాసేటప్పుడు కూడా ఇదే పట్టింపు. ముందు ఉన్న పాఠం ఉన్నట్టు ఎత్తి రాసుకుని, సవరణ అనేది ఆ తర్వాత, అదీ విడిగా. రాస్తూ రాస్తూ దిద్దేస్తే తాళపత్రంలో ఏముందో ఇక ఎవరికీ తెలియదు.

అనిత: అన్నీ అతికించేశా, అన్నీ పచ్చగా ఉన్నాయి. ఇక మొదలుపెట్టనా?

ఫణి: ఆగండి. ఆ పచ్చదనం నిజమో కాదో చూసుకోండి. కోడ్‌లో "నూట" అన్నచోట కావాలని "వంద" అని మార్చి టెస్టులు నడపండి. 101, 199, 1116 ఎర్రబడాలి. ఏదీ ఎర్రబడకపోతే టెస్టు వేరే కాపీని ఇంపోర్ట్ చేసుకుంటోందని అర్థం. మార్చింది వెంటనే వెనక్కి తీసేయండి. ఇంకో మాట: పైసల కోసం `int(amt * 100)` రాయకండి. 19.99కి అది 1999 ఇవ్వదు, 1998 ఇస్తుంది. మొత్తాన్ని `Decimal`లో తీసుకోండి.

మస్తాన్: ఇంకొకటి అడగనా? నెలవారీ స్టేట్‌మెంటు కూడా ఆ ప్రోగ్రామే తీస్తుందా? మా దగ్గర దాంట్లో "మొత్తం అక్షరాలా" అని ఉంటుంది, రూపాయలనే మాట ఉండదు.

అనిత: కోడంతా వెతికా. ఉందండీ! `words()`ని ఇంకోచోట కూడా పిలుస్తున్నారు. అక్కడ "మొత్తం అక్షరాలా: రెండు వేల" అని పడి ఆగిపోతోంది. అంటే రసీదులో ఒప్పు, స్టేట్‌మెంటులో తప్పు.

విశ్వనాథం: అక్కడ "రెండు వేలు" అనే ఉండాలి, సందేహం లేదు. "రెండు వేల ఐదు" అయితే ఇబ్బంది లేదు. మాట చివర వందల, వేల, లక్షల అని ఆగితేనే చిక్కు.

ఫణి: అయితే ఫంక్షన్‌కి ఉన్న టెస్టులు చాలవు. రసీదు లైను మొత్తానికి ఒకటి, స్టేట్‌మెంటు లైను మొత్తానికి ఒకటి, ఇప్పుడున్నట్టే రాసిపెట్టండి. స్టేట్‌మెంటు తనంతట తానే ఈరోజు తేదీ వేస్తుంటే రేపటికి ఆ టెస్టు ఫెయిలవుతుంది, కాబట్టి తేదీని బయటినుంచి ఇచ్చేలా ఆ ఒక్క చిన్న మార్పు చేయాలి. టెస్టులు లేకుండా చేయక తప్పని మార్పు అదొక్కటే, డీఫాల్టు ఈరోజే ఉంచండి.

కిరణ్: సరే, ఒప్పుకున్నా. కానీ స్టేట్‌మెంటు తప్పని మాస్టారు తేల్చేశారు కదా. దాన్ని పైసలతో పాటే దిద్దితే ఏం పోయింది?

మస్తాన్: పాత స్టేట్‌మెంట్లన్నీ ఆడిటర్ దగ్గర "రెండు వేల" అనే ఉంటాయి కదండీ. మధ్యలో మాట మారితే ఎందుకు మారిందని ముందు నన్నే అడుగుతారు. నేనైతే మార్చి నెల దాటాక చేయమంటాను.

అనిత: పైసలు విడిగా, స్టేట్‌మెంటు విడిగా పంపుతాను. రెండోది ట్రస్టువాళ్లు ఊ అన్నాకే.

కిరణ్: ఊ అనకపోతే? ఆ తప్పు లైనుకి టెస్టు అలాగే ఉండిపోతుందా?

సత్యవతి: పదహారు సంగతికి వేరే దారం పెట్టాను, మాస్టారూ రండి.