ఫ్రీ విల్, డిటర్మినిజం వ్యాసం: లిబెట్‌కి ఎదురు నిలిచే వాదన ఉందా?

శ్రావణి_ఎంఏ
దూరవిద్య సైకాలజీ అసైన్‌మెంట్. మన పనులన్నీ ముందటి కారణాలే నిర్ణయిస్తాయనే డిటర్మినిజం వైపు, ప్రవర్తనంతా గత అనుభవాల ఫలితమేనన్న స్కిన్నర్, మెదడు ప్రయోగాల లిబెట్ ఇద్దరితో పేజీలు నిండిపోయాయి. స్వేచ్ఛా సంకల్పం, అదే ఫ్రీ విల్ వైపు, మనిషి తన దారి తానే ఎంచుకోగలడన్న కార్ల్ రోజర్స్ ఒక్కడే మిగిలాడు, అర పేజీ దాటట్లేదు. న్యూరోసైన్స్ నుంచి ఆ వైపు ఏమైనా ఉందా? చివర్లో ఏదో ఒక పక్షం తీసుకోవాలా?

గోదారోడు
ఇందులో వాదనేముందండీ. కాలేజీ రోజుల నుంచి సిగరెట్ కాల్చినవాణ్ణి, ఒక ఉగాది నాడు మానేశాను. మందూ మాకూ లేదు. అది నా సంకల్పం కాకపోతే ఎవరిది? ఆ స్కిన్నర్ పావురాలకి గింజలేసి మనుషుల సంగతి తేల్చేశాడట!

కొత్తపేట_కిరణ్
@గోదారోడు ఆ ఉగాదికి ముందు మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పండి. స్కిన్నర్ అడిగేది అదే. ఇక లిబెట్ అయితే, మనం అనుకోడానికి 10 సెకన్ల ముందే మెదడు నిర్ణయించేస్తుందని 1983లోనే తేల్చేశాడు. కథ కంచికి.

ఈఈజీ_మామయ్య
పది సెకన్లు లిబెట్‌వి ఎక్కడివయ్యా? అది 2008లో సూన్ బృందం ఎఫ్ఎంఆర్ఐ మెదడు స్కాన్‌తో చేసింది. కుడి బటనా ఎడమ బటనా అన్నది ముందే ఊహించగలిగింది 60 శాతం దగ్గర్లో. నాణెం ఎగరేస్తే 50 వస్తుంది. రెండూ కలిపి రాస్తే దిద్దేవాళ్లు ఎర్రపెన్ను తీస్తారు.

లిబెట్ దగ్గర ఒక చుక్క గడియారంలా 2.56 సెకన్లకో చుట్టు తిరుగుతుంది. బుద్ధి పుట్టినప్పుడు చెయ్యి కదపాలి, బుద్ధి పుట్టిన క్షణాన చుక్క ఎక్కడుందో తర్వాత చెప్పాలి. కదలికకి సుమారు 550 మిల్లీసెకన్ల ముందు మెదడులో రెడీనెస్ పొటెన్షియల్ అనే విద్యుత్ సంకేతం మొదలైంది. మనిషి చెప్పింది మాత్రం 200 ముందు.

కొత్తపేట_కిరణ్
అర సెకనైనా ముందు ముందే కదా. పెద్దరికం చూపించడం తప్ప మీరు కొత్తగా చెప్పిందేంటి?

ఉష_లీడ్స్
మావాడు ఇక్కడ ఏ-లెవెల్‌లో ఉన్నాడు, ఇదే 16 మార్కుల ప్రశ్నగా ప్రాక్టీస్ చేయిస్తున్నారు. ఏ పక్షం అన్నదానికి మార్కులుండవు, వాదనని ఎలా తూచావన్నదే చూస్తారని వాళ్ల టీచర్ మాట.

గోదారోడు
@కిరణ్ అడిగావు కాబట్టి చెప్తున్నా. మా పాప దగ్గరికి వచ్చి, వాసనకి మొహం తిప్పేసుకుని వెళ్లిపోయింది. అయినా మానింది నేనే.

కొత్తపేట_కిరణ్
అదిగో! పాప ముద్దు పోయింది, అలవాటూ పోయింది. పచ్చి స్కిన్నర్.

గోదారోడు
మా పక్కింటాయన కూతురూ అలాగే తిప్పుకుంది. ఆయన ఇవాళ్టికీ గుప్పుగుప్పుమనిపిస్తున్నాడు. దానికేమంటావు?

కొత్తపేట_కిరణ్
ఆయన గతం వేరు, అలవాటు బలం వేరు.

ఉష_లీడ్స్
మానితే ఒక కారణం, మానకపోతే ఇంకో కారణం. మరి స్కిన్నర్ తప్పయ్యేది ఎప్పుడు కిరణ్ గారూ? శ్రావణి, ఈ ముక్క రాసుకోమ్మా.

శాస్త్రి_వేదాంతం
దైవమా, పురుషకారమా అని మనవాళ్లు ఏనాడో తర్కించేశారు. ప్రారబ్ధం తెలియకుండా మెదడుకి తీగలు తగిలిస్తే ఏమొస్తుంది?

ఈఈజీ_మామయ్య
శాస్త్రిగారూ, దానికి వేరే దారం తెరవండి.

కిరణ్, కొత్త సంగతి ఇది. ఈఈజీ రికార్డింగులు తీస్తూనే తల నెరిసింది నాకు. ఒక్కసారి కదిపితే ఆ పొటెన్షియల్ కంటికి ఆనదు, రొదలో కలిసిపోతుంది. లిబెట్ 40 సార్లు కదిపించి, కదలిక క్షణం దగ్గర అన్నింటినీ వరసపెట్టి సగటు తీశాడు. 2012లో షుర్గర్ పట్టుకున్నది అక్కడే. మెదడులో రొద ఎప్పుడూ పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. తొందరేమీ లేనప్పుడు, ఆ ఊపు ఒక గీత దాటిన వేళకే చెయ్యి కదులుతుంది. కదిలిన వేళలనే ఏరి వెనక్కి చూస్తే ఎక్కుతున్న మెట్టే కనపడుతుంది. అది ముందే తీసుకున్న నిర్ణయం కానక్కర్లేదు.

పరీక్షించి కూడా చూశాడు. మధ్యలో ఎప్పుడో క్లిక్‌మని శబ్దం, వినగానే నొక్కాలి. చురుగ్గా నొక్కిన సార్లలో, శబ్దం రాకముందే ఆ ఊపు మొదలై ఉంది. శబ్దం ఎప్పుడొస్తుందో మనిషికి తెలిసే దారే లేదు.

శ్రావణి_ఎంఏ
అయితే షుర్గర్‌ని ఫ్రీ విల్ వైపు వేసేస్తాను.

ఈఈజీ_మామయ్య
వేయకమ్మా! రొద ఊగి చెయ్యి కదిలితే అందులో నీ ఇష్టం ఏముంది? లిబెట్ సాక్ష్యం బలహీనపడిందని రాయి, అంతవరకే. ఫ్రీ విల్ వైపు కావాలంటే లిబెట్ మాటే ఉంది: కదలబోయే ముందు వద్దనుకుని ఆపేసుకోగలమని ఆయనే అన్నాడు.

కొత్తపేట_కిరణ్
ఆ వద్దనుకోవడానికి మాత్రం ముందు మెదడులో ఏమీ జరగదా? పైగా సూన్ 60 శాతానికి ఇంకా జవాబు రాలేదు.

ఈఈజీ_మామయ్య
మొదటిది మంచి ప్రశ్నే, నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి, ఒక చేతివైపు మొగ్గు ఉన్నంత మాత్రాన నిర్ణయం అయిపోయినట్టు కాదు.

గోదారోడు
మొగ్గు నాకు ఇప్పటికీ సిగరెట్ వైపే ఉంది. కాల్చట్లేదు.