అప్‌డేట్: పాపకు గుడ్డు అలర్జీ, పల్లీలు పెట్టడం

అప్పుడు నేను అడిగింది: "పాపకు ఏడో నెల. ఉడికించిన గుడ్డు పెట్టిన కాసేపటికే మూతి చుట్టూ ఎర్రబడింది. ఇది అలర్జీయేనా? పల్లీలు పెట్టొచ్చా?"

మా అత్తయ్య వేడి చేసిందన్నారు. పిల్లల డాక్టర్ మాత్రం ఫోనులో ఫోటోలు చూసి, దద్దుర్లు ఎక్కడెక్కడ వచ్చాయని అడిగారు. తిండి తగిలిన చోటే కాస్త ఎర్రబడి తగ్గిపోతే చర్మం మంట కావచ్చట. మా పాపకు మెడ మీద, పొట్ట మీద కూడా దోమ కుట్టినట్టు ఉబ్బాయి. చర్మంపై చేసే ప్రిక్ టెస్ట్‌లోనూ గుడ్డుకు పాజిటివ్ వచ్చింది. ఇప్పటికి గుడ్డు ఆపేశాం. మళ్లీ ఎప్పుడు పెట్టాలో ఆయనే చెప్తారు.

గుడ్డు పడని పిల్లలకు పల్లీ అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువట. అలాగని ఆలస్యం చేస్తే ఆ ముప్పు ఇంకా పెరుగుతుందట. ఇది విని ఆశ్చర్యపోయాను. పల్లీ టెస్ట్ నెగెటివ్ రావడంతో క్లినిక్‌లోనే పెట్టించారు. మెత్తటి పల్లీ ముద్దను రెండు టీస్పూన్లు గోరువెచ్చని నీళ్లలో జారుగా కలిపి, ముందు స్పూను కొనతో నాకించారు. పది నిమిషాలు ఆగి మిగతాది మెల్లగా పెట్టి, రెండు గంటలు అక్కడే ఉంచారు. ఏమీ కాలేదు. ఇప్పుడు వారానికి మూడుసార్లు అంతే పెడుతున్నాం, మానేయొద్దన్నారు. గింజలుగా మాత్రం అస్సలు ఇవ్వకూడదు, గొంతులో అడ్డం పడతాయి.

ఆగకుండా వాంతులు, ఏడుపు బొంగురుపోవడం, పిల్లికూతలు, ఒళ్లు వేలాడిపోవడం కనిపిస్తే దురద సిరప్‌తో కాలయాపన చేయకుండా 108కి ఫోన్ చేయమన్నారు. అప్పుడు కావాల్సింది తొడకు వేసే అడ్రినలిన్ ఇంజెక్షన్.