బోనస్‌లతో కాదు, ఆటతో మనల్ని గెలిచే కంప్యూటర్ ఏ ఫోర్ ఎక్స్ గేమ్‌లో ఉంది?

మారతహళ్ళి వంశీ
అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉంటాను, కాలేజీ రోజుల నుంచీ సివిలైజేషన్ లాంటి ఫోర్ ఎక్స్ గేమ్స్, అంటే కొత్త చోట్లు వెతికి, విస్తరించి, వనరులు వాడుకుని, ఎదుటివాళ్ళని ఓడించే సామ్రాజ్యాల ఆటలు ఆడుతున్నాను. సివ్ 6లో అన్నిటికన్నా పై లెవెల్ డీటీలో కూడా ఇప్పుడు టెన్షన్ ఉండటం లేదు. అక్కడ కంప్యూటర్‌కి మొదట్లోనే ఊళ్ళు కట్టే సెట్లర్లు మూడు ఇస్తారు, మనకి ఒక్కటే. ఆ మొదటి తాకిడి తట్టుకుంటే చాలు, ఆ తర్వాత యుద్ధం చెయ్యడం దానికి చేతకాదు. విలుకాళ్ళని ముందు నిలబెడుతుంది, కత్తివీరులు వెనక ఖాళీగా తిరుగుతుంటారు.

నాకు కావలసింది వేరు. రూల్స్ ఎంత చిక్కుగా ఉన్నా పర్లేదు, మాన్యువల్ పుస్తకమంత ఉన్నా చదువుతాను. కానీ ఎదుటివాడికి నాకున్నదే ఉండాలి, అయినా నన్ను ఓడించాలి. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ల్యాప్‌టాప్. టర్న్‌ల ఆటే కావాలి.

కోరమంగళ కిరణ్
స్టెల్లారిస్ ఆడు బ్రో. గ్రాండ్ అడ్మిరల్ పెట్టుకుంటే చుక్కలు చూపిస్తుంది. ఇదివరకటి కన్నా కంప్యూటర్ చాలా మెరుగైంది, గ్రహాల మీద ఏం కట్టాలో తెలిసి కడుతోంది.

గుంటూరు శీను
ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ చూడన్నా. మా రూమ్‌లో నలుగురం కలిసి ఎక్స్‌ట్రీమ్ మీద ఆడతాం. మా నైట్ షిఫ్ట్ లేని రోజు తెల్లారేదాకా అదే. విలుకాళ్ళతో కొట్టి వెనక్కి జరగడం కూడా దానికి వచ్చు.

మారతహళ్ళి వంశీ
శీనూ, అది మంచి ఆటే, నేనూ ఆడాను. కానీ అది చేతివేగం ఆట. నేను టీ పక్కన పెట్టుకుని ఒక్కో టర్న్ ఆలోచిస్తూ ఆడే రకం.

ఓఎమ్ఆర్ సుధారాణి
కిరణ్ గారు చెప్పింది సగం నిజం. స్టెల్లారిస్ కంప్యూటర్ ఇల్లు చక్కబెట్టుకోవడం నేర్చుకుంది, అది ఒప్పుకుంటాను. కానీ గ్రాండ్ అడ్మిరల్ అంటే దానికి తెలివి పెంచడం కాదు, ఆదాయం పెంచడం. వంశీ గారు వద్దంటున్నది సరిగ్గా అదే.

ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, కాస్త పెద్దగానే రాస్తాను. కంప్యూటర్ బాగా ఆడాలంటే రెండు దారులున్నాయి. ఒకటి, ఆట రూల్సే యంత్రానికి అనువుగా ఉండటం. రెండు, దాని బుర్ర మీద ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి ఓపిగ్గా పనిచెయ్యడం. సివ్ 4లో ఒకే గడిలో ఎన్ని దళాలైనా పేర్చొచ్చు. పెద్ద మూకని పోగేసి మన ఊరి మీదికి నడిపిస్తే చాలు, కంప్యూటర్ ప్రమాదమే. 2010లో సివ్ 5 వచ్చి గడికి ఒకే దళం అన్నాక అదే కంప్యూటర్‌కి కాళ్ళు చేతులు కట్టేసినట్టయింది. ఎవరు ముందు, ఎవరు పక్క, ఎవరికి దారి ఇవ్వాలి, ఇదంతా మనకి ఒక్క చూపులో తెలుస్తుంది. దానికి లెక్క పెరిగిపోతుంది.

రెండు దారులూ కలిసిన ఆట నాకు తెలిసి రెమ్నంట్స్ ఆఫ్ ది ప్రికర్సర్స్. 1993లో వచ్చిన మాస్టర్ ఆఫ్ ఓరియన్‌ని అభిమానులు కొత్తగా కట్టారు. ఉచితం. జావా మీద నడుస్తుంది కాబట్టి మీ ల్యాప్‌టాప్‌కి బరువు కాదు. గడులు లేవు, నక్షత్రాలే మజిలీలు. ప్రతి గ్రహానికీ ఓడలు, రక్షణ, పరిశ్రమ, పర్యావరణం, పరిశోధన అని ఐదు స్లైడర్లు, అంతే. ఓడల డిజైన్లు ఒకేసారి ఆరుకి మించి ఉండకూడదు. వినడానికి చిన్న ఆటలా ఉంటుంది కానీ ప్రతి నిర్ణయం దెబ్బ తగిలేలా ఉంటుంది. యంత్రం తప్పుదారి పట్టే సందులు తక్కువ.

మారతహళ్ళి వంశీ
సుధ గారూ, బాగా ఆడటం అంటే అక్కడ ఏం కనిపిస్తుందో ఒక ఉదాహరణ చెప్తారా? ప్రతి గేమ్ వాళ్ళూ మా ఏఐ గొప్పదనే అంటారు.

ఓఎమ్ఆర్ సుధారాణి
చెప్తాను. ఈ ఆటలో కష్టం లెవెల్ ఒక సెట్టింగ్, ఎదుటివాళ్ళ ఏఐ ఏ రకమన్నది ఇంకో సెట్టింగ్. అందుకే పరీక్షకి దీన్ని మించింది లేదు. కష్టాన్ని నార్మల్‌లో ఉంచండి, అక్కడ ఎవరికీ అదనపు ఉత్పత్తి ఉండదు. ఏఐ రకాన్ని మాత్రం మార్చి మార్చి ఆడండి. అప్పుడు కనిపించే తేడా అంతా తెలివిదే.

మొన్న ఒక ఆటలో నేను చిన్న ఓడల గుంపు కట్టాను. ఒక్కోదానికీ ఒక్క లేజర్, చవక, వందల్లో వస్తాయి. పక్క సామ్రాజ్యం మీద రెండు గ్రహాలు గెలిచాను. లేజర్ దెబ్బ 1 నుంచి 4 దాకా పడుతుంది, ఎదుటి ఓడకి మూడో తరగతి షీల్డ్ ఉంటే ప్రతి దెబ్బలోంచీ 3 తీసేస్తారు. అంటే నాలుగు పడితే ఒకటి తగులుతుంది, మిగతావన్నీ వృథా. వాళ్ళు సరిగ్గా అదే చేశారు. పాత డిజైన్ తీసేసి, మూడో తరగతి షీల్డ్ పెట్టిన పెద్ద ఓడలు దింపారు. నా గుంపంతా దోమల దండయింది.

నాకు అంతకన్నా నచ్చింది ఆ తర్వాత జరిగింది. నేను నౌకాదళాన్ని అక్కడే కాపలా ఉంచితే నా దళం దగ్గరికి రాలేదు. దాన్ని చుట్టి, క్షిపణి స్థావరాలు కట్టని నా వెనక గ్రహానికి బాంబులతో వచ్చారు. నేను దళాన్ని వెనక్కి పిలిస్తే ఓడిపోయే పోరు అని చూసుకుని మొదటి రౌండ్‌లోనే వెనుదిరిగారు, ఓడలు దక్కించుకున్నారు. చేతకాని కంప్యూటర్‌ని పట్టుకోవాలంటే ఇక్కడే చూడాలి. ఓడిపోయే యుద్ధంలోంచి వెనక్కి వెళ్తుందా? మనం బలంగా ఉన్నచోటికి వస్తుందా, బలహీనంగా ఉన్నచోటికి వస్తుందా?

వేళచ్చేరి నాగమణి
నేను ఓల్డ్ వరల్డ్ చెప్దామని వచ్చాను. 2021లో వచ్చింది, సివ్ 4 రూపకర్త సోరెన్ జాన్సన్ చేసింది. ఇక్కడా గడికి ఒకే దళం, అయినా కంప్యూటర్ గట్టిగా ఆడుతుంది. కారణం ఆర్డర్ల పద్ధతి. ఒక టర్న్‌లో మీకు కొన్ని ఆర్డర్లే ఉంటాయి. ఏ దళాన్ని కదిపినా, పనివాణ్ణి పంపినా, స్కౌట్‌ని నడిపినా అన్నీ ఆ మూటలోంచే పోవాలి. కానీ ఒకే దళాన్ని ఒకే టర్న్‌లో చాలా దూరం నడిపించొచ్చు. కాబట్టి దళాలు దారిలో ఒకదానికొకటి అడ్డుపడి చెల్లాచెదురు కావు, శత్రువు కోరుకున్న చోటికి అందరూ ఒకేసారి చేరతారు.

కొత్తవాళ్ళకి తగిలే దెబ్బ ఇదే. సరిహద్దు ఊరి ముందు ఏమీ కనిపించదు, పొగమంచు వెనకంతా నిశ్శబ్దం. మన ఆర్డర్లన్నీ పనివాళ్ళ మీద ఖర్చు చేసి టర్న్ వదిలేస్తాం. మరుసటి టర్న్‌లో ఆ చీకట్లోంచి ఐదారు దళాలు వచ్చి ఒకే విలుకాడి మీద పడతాయి. అందుకే సరిహద్దుకి నాలుగైదు గడుల అవతల కూడా కళ్ళుండాలి, తిరిగి కొట్టడానికి ఆర్డర్లు మిగల్చాలి. నాకైతే దాని రాజవంశాల గొడవలకే సగం రోజు పోతుంది. రాజు చనిపోయి, కుటుంబాలు అలిగి, లెజిటిమసీ, అంటే రాజుగా మన పరపతి, పడిపోతే ఆర్డర్లే తగ్గిపోతాయి. ఇంట్లో గొడవ నేరుగా యుద్ధభూమికి వస్తుంది.

పాత డెస్క్‌టాప్ ప్రసాద్
వోక్స్ పోపులి పేరు ఇంకా రాలేదేంటి? సివ్ 5కి అభిమానుల మోడ్. సివ్ 5 రెండు ఎక్స్‌పాన్షన్లూ ఉండాలి. అసలు ఆటలోని బుర్రని ఇంచుమించు మళ్ళీ రాశారు. దెబ్బతిన్న దళాన్ని వెనక్కి లాగి, మరొకదాన్ని ముందుకు తెస్తుంది. తీరం వెంట నౌకలతో వచ్చి సైన్యం దించుతుంది. ఊళ్ళో జనం ఎందుకు అసంతృప్తిగా ఉన్నారో చూస్తే పేదరికం, నిరక్షరాస్యత, విసుగు అని విడివిడిగా చూపిస్తుంది, ఆ ఊరికి ఆ మందు వెయ్యాలి. మామూలు సివ్ 5లో మీరున్న లెవెల్ కన్నా రెండు మెట్లు కింద మొదలుపెట్టండి.

మ్యాక్‌లో నేరుగా నడవదు. సేవ్ తెరిచేటప్పుడు మెయిన్ మెనూలోంచి కాదు, మోడ్స్ మెనూలోంచి వెళ్ళాలి. పెద్ద మ్యాప్ పెడితే ఆట చివర్లో ఒక్కో టర్న్‌కి కాఫీ కలుపుకుని రావచ్చు. మీ ల్యాప్‌టాప్‌కి స్టాండర్డ్ మ్యాప్ దాటొద్దు.

మారతహళ్ళి వంశీ
ప్రసాద్ గారూ, వోక్స్ పోపులి పై లెవెల్స్‌లో కూడా బోనస్‌లు ఉంటాయి కదా?

పాత డెస్క్‌టాప్ ప్రసాద్
ఉంటాయి. బోనస్ అసలే లేకుండా అది మిమ్మల్ని ఓడిస్తుందని నేను అనను. ఇచ్చిన బలాన్ని వాడుకోవడం దానికి తెలుసు అంటున్నాను. సుధ గారి పరీక్ష ఇక్కడ అంత శుభ్రంగా కుదరదు.

కోరమంగళ కిరణ్
నాకు ఒక అనుమానం సుధక్కా. మీరు చెప్పిన రెమ్నంట్స్‌లో ఒక ఏఐ రకాన్ని నిన్న రాత్రి పెట్టి చూశాను. నేను ఇద్దరితో పోరాడుతుంటే, అప్పటిదాకా స్నేహంగా ఉన్న మూడోవాడు సందు చూసి మీద పడ్డాడు. అది తెలివేనా, నమ్మకద్రోహమా? స్నేహానికి విలువ లేకపోతే రాయబారం పెట్టడం ఎందుకు?

ఓఎమ్ఆర్ సుధారాణి
గెలవడానికి ఆడేవాడు అలాగే చేస్తాడు కిరణ్. మీరైతే చెయ్యరా? రెండు యుద్ధాల్లో చిక్కుకున్న పొరుగువాణ్ణి వదిలేసే ఏఐనే మనం చేతకానిది అంటాం.

వేళచ్చేరి నాగమణి
ఇక్కడ నేను సుధతో ఒప్పుకోను. నాకు ఎదుటివాళ్ళు మనుషుల్లా, రాజుల్లా ఉండాలి. ఒకడు మాట తప్పేవాడు, ఇంకొకడు పగబట్టేవాడు, మరొకడు ప్రాణం పోయినా పక్కన నిలబడేవాడు. అందరూ గెలుపు లెక్కే చూస్తే వాళ్ళ పేర్లు తీసేసి నంబర్లు పెట్టినా ఒకటే. ఓల్డ్ వరల్డ్‌లో పెళ్ళితో కలిసిన బంధానికి విలువ ఉంటుంది, అందుకే అది నాకిష్టం.

ఓఎమ్ఆర్ సుధారాణి
రెమ్నంట్స్‌లో జాతి స్వభావానికి ఎక్కువ విలువ ఇచ్చే ఏఐ రకాలు కూడా ఉన్నాయి నాగమణి గారూ. కానీ వాటితో ఆడితే ఎవరు ఎప్పుడు దాడి చేస్తారో నాకు ముందే తెలిసిపోతుంది. వంశీ గారు అడిగిన సవాలు అక్కడ సన్నబడుతుంది.

గుంటూరు శీను
మనుషులతోనే ఆడితే ఈ గొడవ ఉండదు కదా. మా ఆఫీసులో ఒకాయన వైట్‌ఫీల్డ్‌లో ఆదివారాలు ట్విలైట్ ఇంపీరియం అని బోర్డు గేమ్ పెడతాడు. ఆరుగురు కావాలంట, పొద్దున మొదలైతే సాయంత్రందాకా సాగుతుంది.

మారతహళ్ళి వంశీ
ఆదివారం అంతసేపు ఇంట్లోంచి రావడం నాకు కుదరదు శీనూ. డొమినియన్స్ లాంటివి రోజుకొక టర్న్ పంపుకుంటూ మనుషులతో ఆడొచ్చని తెలుసు, అదీ చూస్తాను. ముందుగా రెమ్నంట్స్ దించుకుంటున్నాను. నార్మల్, ఐదుగురు ఎదుటివాళ్ళు, కిరణ్‌ని పొడిచిన ఆ ఏఐ రకమే. సుధ గారూ, మధ్య సైజు గెలాక్సీ సరిపోతుందా, ఇంకా పెద్దది కావాలా?

ఓఎమ్ఆర్ సుధారాణి
ఐదుగురికి మధ్య సైజు చాలు. మరీ పెద్దదైతే పొరుగువాడు మీ దాకా వచ్చేసరికి మీరు బాగా ఎదిగిపోతారు, వాడు ఎలా ఆడతాడో తెలిసే లోపే ఆట తేలిపోతుంది. మొదటి యుద్ధం అయ్యాక సేవ్ ఫైల్ ఇక్కడ పెట్టండి, చూద్దాం.