పాత ఏసీ తీసేసి ఇన్వర్టర్ పెడితే బిల్లు సగమవుతుందా?

దర్గామిట్ట వాసి

మాది నెల్లూరు దర్గామిట్ట. 2015లో కొన్న టన్నున్నర స్ప్లిట్ ఏసీ, ఇన్వర్టర్ కాదు, ఇప్పటికీ బాగానే చల్లబరుస్తోంది. మే నెలలో 370 యూనిట్లు కాలి బిల్లు రెండున్నర వేలు దాటింది. షాపులో అడిగితే ఇన్వర్టర్ ఏసీ పెట్టుకోండి, బిల్లు సగానికి సగం పడిపోద్ది అంటున్నారు. నలభై వేలు పెట్టి మార్చడం లాభమేనా?

కోవూరు శీను

మార్చెయ్యన్నా, ఇందులో ఆలోచించే పనే లేదు. పాత కంప్రెసర్ ఆగి మళ్ళీ స్టార్ట్ అయిన ప్రతిసారీ ఐదారింతల కరెంటు గుంజుద్ది. ఇంట్లో లైట్లు ఒక్క క్షణం డిమ్ అవడం చూసే ఉంటావు. రాత్రంతా అట్టా ఇరవై ముప్పైసార్లు గుంజితే మీటరు తిరగదా? ఇన్వర్టర్ మెల్లగా మొదలై ఆగకుండా తిరుగుద్ది, ఆదా అంతా అక్కడే.

ఒంగోలు మెకానిక్

శీనూ, ఆగకుండా తిరుగుద్ది అన్నది నిజమే. ఆదా మాత్రం నువ్వు చెప్పిన చోట లేదు. స్టార్టింగ్‌లో నలభై ఆంపియర్లు గుంజినా అది అర సెకను మాట. ముప్పైసార్లు స్టార్ట్ అయినా అన్నీ కలిపి యూనిట్‌లో ఇరవయ్యో వంతు దాటదు. లైట్లు డిమ్ అవుతాయి గానీ మీటరు దాన్ని పెద్దగా లెక్కలోకి తీసుకోదు.

అసలు సంగతి ఇది. పాత కంప్రెసర్ మోటారు మన లైనులో వచ్చే 50 హెర్ట్జ్‌కి కట్టుబడి ఒకే వేగంతో తిరుగుద్ది. తెల్లారుజామున గదికి సగం చల్లదనం చాలినా అది పూర్తి గ్యాసునే తోస్తుంది, ఆగుతుంది, మళ్ళీ పూర్తిగా తోస్తుంది. ఇన్వర్టర్‌లో బోర్డు ముందు కరెంటును డీసీగా మార్చి, దాన్నుంచి తనకు కావలసిన ఫ్రీక్వెన్సీ తయారు చేసి మోటారుకిస్తుంది. గది చల్లబడేకొద్దీ వేగం తగ్గిస్తుంది.

వేగం తగ్గినప్పుడు గ్యాసు సగమే తిరుగుతుంది, కానీ బయటి కాయిల్ సైజు అదే, లోపలి కాయిల్ సైజు అదే. అంత పెద్ద కాయిల్‌కి సగం వేడే పని కాబట్టి బయటిది గాలికంటే మరీ అంత వేడెక్కనక్కర్లేదు, లోపలిది మరీ అంత చల్లబడనక్కర్లేదు. రెండు వైపులా ప్రెషర్ల తేడా తగ్గుతుంది. లోతు తగ్గిన బావిలోంచి అదే బిందె నీళ్ళు తోడినట్టు, గ్యాసు అంతే అయినా దాన్ని నొక్కడానికి పట్టే శ్రమ తగ్గుతుంది. పాతదానికి ఆగిన ప్రతిసారీ ప్రెషర్లు రెండు వైపులా సమానమైపోయి, మళ్ళీ మొదలైనప్పుడు కొన్ని నిమిషాలు సరైన చల్లదనం రాకుండానే కరెంటు తింటుంది. శీను చెప్పిన స్టార్టింగ్ నష్టం ఏదైనా ఉందంటే అది ఇదే.

అందుకే ఫుల్ లోడ్‌లో ఉన్నంతసేపు ఇన్వర్టర్‌కి ఇన్వర్టర్ అయినందువల్ల వచ్చే లాభం ఏమీ లేదు. పైగా బోర్డులోనే కొంత వేడిగా పోతుంది. లాభమంతా వేగం తగ్గి నడిచే గంటల్లోనే.

టంగుటూరు రవి

నా అనుభవం సరిగ్గా ఇదే సార్. పై అంతస్తు, మీద ఖాళీ స్లాబు, పడమటి గోడకి సాయంత్రం దాకా ఎండ. ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ పెట్టాను, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా వాడతాం. బిల్లులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బయటి యూనిట్ మూడు గంటలూ ఒకే మోతగా అరుస్తూనే ఉంటుంది. మోసపోయామా అని ఇంట్లో అందరూ అంటున్నారు.

ఒంగోలు మెకానిక్

మోసం కాదు రవీ. ఆ మూడు గంటలూ స్లాబు నుంచి దిగే వేడే మీ ఏసీ మోయగలిగినంత ఉంది, ఇంక వేగం ఎప్పుడు తగ్గించుకుంటుంది? స్టార్ లేబుల్ మీద వేసే సంవత్సరపు యూనిట్లు 1600 గంటలకు, బయట 24 నుంచి 43 డిగ్రీల దాకా రకరకాల వేడికి లెక్కగట్టినవి. అందులో ఓ మోస్తరు వేడి గంటలే ఎక్కువ. మీరు వాడేవి మాత్రం ఏడాదిలో కెల్లా కఠినమైన గంటలు. మీకు స్లాబు మీద తెల్లటి కూల్ పెయింటు వేయిస్తే ఏసీ మార్చినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

వేటపాలెం పెద్దాయన

నాయనా, మా ఇంట్లో 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోయినప్పుడు ఈ ఏసీ దాని మీద నడుస్తుందా? ఎంతసేపు వస్తుంది?

ఒంగోలు మెకానిక్

నడవదు బాబాయ్. ఆ ఇన్వర్టర్ వేరు, ఇది ఏసీ లోపల ఉండే బోర్డు సంగతి. మీ బ్యాటరీని ఫ్యాన్లకీ లైట్లకీ ఉంచండి.

మైపాడు తీరం

అందరూ యూనిట్ల గురించే మాట్లాడుతున్నారు, రిపేరు గురించి ఎవరూ మాట్లాడరేం? మాది సముద్రానికి దగ్గర. ఇన్వర్టర్ ఏసీ కొన్న మూడో వేసవిలో బయటి యూనిట్ బోర్డు పోయింది. విప్పి చూస్తే బోర్డు మీద రెండు పిన్నుల మధ్య అడ్డంగా బల్లి ఒకటి మాడిపోయి అంటుకుని ఉంది, చుట్టూ రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. బోర్డుకీ కూలీకీ కలిపి తొమ్మిది వేలు. కంపెనీ వాళ్ళు కంప్రెసర్‌కి పదేళ్ళ వారంటీ అన్నారు గానీ బోర్డు అందులో లేదన్నారు. అంతకుముందున్న పాత ఏసీకి పన్నెండేళ్ళలో ఒక కెపాసిటర్ మార్చాం, నాలుగొందలు. రెండేళ్ళలో కరెంటులో మిగిలింది ఒక్క బల్లి తినేసింది.

ఒంగోలు మెకానిక్

ఇది కాదనలేని మాట. ఉప్పుగాలికి నేనూ ఏటా చాలా బోర్డులు చూస్తాను. కొత్తది పెట్టించేటప్పుడే కేబుల్ దూరే రంధ్రం పుట్టీతో మూయించాలి, బోర్డు మీద లక్కపూత ఉన్న మోడల్ చూసుకోవాలి, వారంటీ కాగితంలో బోర్డుకి ఎన్నేళ్ళో చదవాలి.

దర్గామిట్ట అన్నా, మీ లెక్క మీ మీటరే చెబుతుంది. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మినుకుతుంటుంది, పక్కన 3200 imp/kWh అనో మరో అంకో ఉంటుంది. అంటే 3200 మినుకులకు ఒక యూనిట్. మిగతావన్నీ ఆపి ఏసీ ఒక్కటే నడుపుతూ ఒక నిమిషం లెక్కపెట్టండి. 80 మినుకులొస్తే ఏసీ 1500 వాట్లు తింటున్నట్టు. రాత్రి పదికీ పొద్దున ఆరుకీ రీడింగు రాసుకోండి. కంప్రెసర్ ఎంతసేపు తిరుగుతోందో, ఎంతసేపు ఆగుతోందో కూడా చూసి చెప్పండి.

దర్గామిట్ట వాసి

చూశాను. మావాడు లెక్కపెట్టాడు, కంప్రెసర్ తిరిగేటప్పుడు నిమిషానికి 85 మినుకులు. మీటరు మీద 3200 అనే ఉంది. రాత్రి పది నుంచి ఆరు దాకా 8.1 యూనిట్లు, అందులో ఫ్రిజ్‌కి అర యూనిట్ తీసేశాను. 25 డిగ్రీల మీద మొదటి రెండు గంటలు ఆగనే లేదు. తర్వాత తొమ్మిది నిమిషాలు తిరిగి పదకొండు నిమిషాలు ఆగుతోంది. మాది కింది అంతస్తు.

ఒంగోలు మెకానిక్

సరిగ్గా అతికాయి మీ లెక్కలు. 85 మినుకులంటే 1600 వాట్లు. మొదటి రెండు గంటలకు 3.2 యూనిట్లు. మిగతా ఆరు గంటల్లో కంప్రెసర్ తిరిగింది నూటికి నలభై ఐదు పాళ్ళు, అంటే 4.3 యూనిట్లు. మొత్తం ఏడున్నర.

ఇప్పుడు మంచి ఇన్వర్టర్ పెడితే మొదటి రెండు గంటల్లో పెద్ద తేడా ఉండదు, మూడు యూనిట్ల దగ్గరే అవుతాయి. ఆ ఆరు గంటలు మాత్రం సగం కంటే తక్కువ లోడు, ఇన్వర్టర్‌కి ఇష్టమైన చోటు. అక్కడ 4.3 కాస్తా రెండున్నర, 2.7 దగ్గరికి దిగొచ్చు. ఏతావాతా రాత్రికి రెండు యూనిట్లు మిగులుతాయి, నెలకి అరవై.

మన టారిఫ్‌లో 226 నుంచి 400 దాకా యూనిట్‌కి 8 రూపాయల 75 పైసలు. మీ 370 నుంచి తగ్గే అరవై యూనిట్లూ ఆ శ్లాబులోంచే తగ్గుతాయి కాబట్టి నెలకి 525 రూపాయలు, దాని మీది సర్దుబాటు ఛార్జీలు కొంచెం. నాలుగు వేసవి నెలలకు 2100. మిగతా నెలల్లో అక్కడక్కడా వాడేది కలిపినా మూడు వేలు దాటడం కష్టం. బిల్లు సగం కాదు, ఐదో వంతు తగ్గుతుంది. బాగా నడుస్తున్న ఏసీని తీసేసి నలభై వేలు పెడితే తిరిగిరావడానికి పదమూడేళ్ళు పడుతుంది. నేనైతే మార్చను. దాని కంప్రెసర్ పోయిన రోజున మాత్రం పాతదానికి కంప్రెసర్ వేయించకుండా ఇన్వర్టరే కొంటాను.

ఒంగోలు క్లినిక్ అక్క

మెకానిక్ గారూ, ఇంట్లో రాత్రిళ్ళు వాడేవాళ్ళకి మీ లెక్క సరే. నాది దంత వైద్యశాల. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఏడాదిలో పది నెలలు ఏసీ ఆగదు. నేనూ బాగా నడుస్తున్న పాతదాన్నే తీసేశాను. గంటలు నాలుగింతలైతే ఆదా కూడా అంతే పెరుగుతుంది కదా. మూడేళ్ళలో నా డబ్బు నాకొచ్చేసింది. ఒక్కటే జాగ్రత్త చెప్తాను. చిన్న గదికి రెండు టన్నులది పెట్టమని ఒకరు నాకు సలహా ఇచ్చారు, నేను వినలేదు. గదికి అక్కర్లేనంత పెద్దది పెడితే తగ్గగలిగినంత వేగం తగ్గినా చల్లదనం ఎక్కువైపోయి అదీ పాతదానిలాగే ఆగుతూ మొదలవుతూ ఉంటుందట.

ఒంగోలు మెకానిక్

నిజమమ్మా. మీలాంటి వాడకానికి నేనూ మార్చమనే చెప్తాను.

కోవూరు శీను

అన్నా, యూనిట్ల సంగతి పక్కన పెట్టు. ఇన్వర్టర్‌లో ఉక్కపోత ఉండదంటారే? పాతదాంట్లో కంప్రెసర్ ఆగినప్పుడు కాయిల్ మీది తడి ఫ్యాను గాలికి మళ్ళీ గదిలోకే వచ్చేస్తుంది. నెల్లూరులో అసలు బాధ ఆ తేమే కదా.

మైపాడు తీరం

నా అనుభవం దానికి తిరగబడి ఉంది శీనూ. అర్ధరాత్రి దాటాక ఇన్వర్టర్ బాగా మెల్లగా తిరిగేటప్పుడు కాయిల్ అంత చల్లగా ఉండదు, నీళ్ళ పైపులోంచి చుక్కలు తగ్గిపోతాయి. 27 మీద దుప్పటి జిగటగా తగులుతుంది. 25కి దించితేనే హాయిగా ఉంటుంది, అప్పుడు యూనిట్లు పెరుగుతాయి.

ఒంగోలు మెకానిక్

ఇద్దరూ చెప్పేది జరుగుతుంది. ఏ మోడల్ లోపలి ఫ్యాను వేగాన్ని ఎంత తగ్గిస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది, అది లేబుల్ మీద రాయరు. కొనేముందు అదే మోడల్ వాడుతున్న ఇంట్లో తెల్లారుజామున నీళ్ళ పైపు కింద బకెట్టు పెట్టి చూడమని అడగండి.

దర్గామిట్ట వాసి

ఈ వేసవికి మార్చడం లేదు. బయటి కాయిల్ కడిగించి ఎన్నాళ్ళైందో గుర్తులేదు, ముందు అది చేయించి మళ్ళీ మినుకులు లెక్కపెడతాను. మోటారు అంతే తింటూ ఆగే నిమిషాలు పెరిగితే లాభమేనా మెకానిక్ గారూ?

ఒంగోలు మెకానిక్

లాభమే. మినుకులు కూడా 85 నుంచి కొంచెం దిగుతాయి చూడండి, కాయిల్‌లో దుమ్ముంటే ప్రెషర్ పెరిగి ఎక్కువ తింటుంది. కడిగించేటప్పుడు నీళ్ళు బోర్డు వైపు, ఫ్యాన్ మోటారు వైపు కొట్టనివ్వొద్దు.