49 వేల చొప్పున వేస్తే ఎవరూ అడగరా?

కోనసీమ_అబ్బాయి · 2024 జూన్ 16
మా నాన్నగారికి 68 ఏళ్ళు. అమలాపురం దగ్గర పల్లె, వ్యవసాయమే. పోయిన ఆర్థిక సంవత్సరంలో సేవింగ్స్ ఖాతాలో 49 వేల చొప్పున 24 సార్లు నగదు వేశారు. 50 వేలు దాటితేనే పాన్ అడుగుతారని ఊళ్ళో ఎవరో చెప్పారట. నిన్న ఆయన ఇన్‌కంట్యాక్స్ లాగిన్ తెరిస్తే ఏఐఎస్ అనే వార్షిక సమాచార పత్రంలో, బ్యాంకు పంపిన నగదు లెక్క కింద SFT-004 అని 11,76,000 కనబడింది. అంతా వ్యవసాయం డబ్బే. దీనికి సమాధానం చెప్పాలా? అసలు మన లెక్కలు వాళ్ళకి చెప్పే హక్కు బ్యాంకుకి ఉందా?

లంక_రైతు
ఏమీ చెప్పక్కర్లేదు బాబూ. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, రైతుని అడిగేవాడే లేడు. పైగా రెండున్నర లక్షల దాకా, పెద్దవాళ్ళకైతే 5 లక్షల దాకా అడగకూడదని గవర్నమెంటే చెప్పింది. టెన్షన్ పడకండి.

క్యాష్_కౌంటర్
లంక_రైతు గారూ, మీరు చెప్పే రెండున్నర, 5 లక్షలు నోట్ల రద్దు నాటివండి. అప్పట్లో పాత నోట్లు వేసినవాళ్ళలో ఎవర్ని అడగాలి, ఎవర్ని వదిలేయాలి అని పెట్టుకున్న గీత అది, 5 లక్షలు కూడా 70 దాటినవాళ్ళకే. మామూలు రోజులకి పనికిరాదు.

నేను కౌంటర్లో కూర్చుని రిటైరైనవాణ్ణి. 49 వేల సంగతి చెప్తాను. ఒక రోజులో 50 వేలు దాటి నగదు వేస్తే స్లిప్పు మీద పాన్ రాయాలి, పాన్ లేకపోతే ఫారం 60 ఇవ్వాలి. ఆ మాట నిజమే. కానీ బ్యాంకు ఇన్‌కంట్యాక్స్‌కి పంపే లెక్క రోజుది కాదు, ఏడాదిది. సేవింగ్స్ ఖాతాల్లో ఏప్రిల్ నుంచి మార్చి దాకా పడిన నగదు మొత్తం 10 లక్షలు తాకితే ఆ పేరు వెళ్ళిపోతుంది. ఒకే బ్యాంకులో రెండు మూడు ఖాతాలున్నా కలిపే చూస్తారు. 49 వేలు వేసినా 4 లక్షలు వేసినా కంప్యూటర్ చేసేది కూడికే. పైగా కేవైసీ అప్పుడే మీ నాన్నగారి పాన్ ఖాతాకి ఎక్కి ఉంటుంది, లేకపోతే ఆయన ఏఐఎస్‌లో ఈ అంకె కనబడదు. స్లిప్పు మీద రాయకుండా దాచింది ఏమిటి చెప్పండి!

హక్కు అన్నారు. అది హక్కు కాదండి, మెడ మీద కత్తి. ఏటా మే 31 లోపు ఆ లిస్టు పంపకపోతే బ్యాంకుకే జరిమానా.

లంక_రైతు
అంటే కష్టపడి సంపాదించింది వేసుకోవడం కూడా నేరమా?

క్యాష్_కౌంటర్
నేరం అనలేదండి. 10 కోట్లు వేసుకున్నా వద్దనే చట్టం లేదు. కానీ గీతకి కాస్త కింద, అదే అంకె, మళ్ళీ మళ్ళీ పడితే కౌంటర్లో ఉన్నవాడికి కూడా అర్థమైపోతుంది. ఒక్కసారే 3 లక్షలు వేసి పాన్ రాసినవాణ్ణి మేం రెండోసారి చూసేవాళ్ళం కాదు. 49 వేల వాణ్ణి గుర్తు పెట్టుకునేవాళ్ళం. అనుమానం గట్టిదైతే మనీలాండరింగ్ చట్టం కింద వేరే రిపోర్టు ఢిల్లీ వెళ్తుంది. దానికి కనీస మొత్తం అంటూ లేదు, పంపామని ఖాతాదారుకి చెప్పనూ కూడదు.

ఆక్వా_భీమవరం
వేయడం సరేనండి, తీస్తే కూడా కోస్తున్నారు! మేత బిల్లులకి, పట్టుబడి కూలీలకి ఏడాదిలో 32 లక్షలు కరెంట్ ఖాతాలోంచి తీశాను. 24 వేలు టీడీఎస్ అని లాగేశారు. నా డబ్బు నేను తీసుకుంటే పన్నేంటండి? 50 వేలు దాటి తీస్తే పాన్ కూడా అడుగుతున్నారు.

తణుకు_పద్దులు
ఆక్వా గారూ, మీరు వరసగా మూడేళ్ళు రిటర్న్ వేసి ఉండరు. వేయనివాళ్ళకి ఏడాదిలో 20 లక్షలు దాటాక తీసిన దాని మీద 2 శాతం కోస్తారు. మీకు దాటింది 12 లక్షలు, అందుకే 24 వేలు. రిటర్న్ వేసేవాళ్ళకైతే కోటి దాటాకే. ఆ 24 వేలు ఎక్కడికీ పోలేదు, రిటర్న్ వేస్తే మీ పన్నులో సర్దుతారు, మిగిలితే వెనక్కి వస్తుంది. ఇక తీయడానికి 50 వేల పాన్ రూలు లేదు. వేసినా తీసినా ఏడాదిలో 20 లక్షలు చేరితే పాన్ గానీ ఆధార్ గానీ తప్పనిసరి, అది 2022లో వచ్చింది. మీ బ్రాంచిలో 50 వేలకి అడిగితే వాళ్ళ సొంత జాగ్రత్త అనుకోవాలి.

అబ్బాయి గారూ, మీ విషయానికి వస్తాను. "అంతా వ్యవసాయం" అంటే చాలదు. ఆ 11,76,000 ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో ముక్కలు చేసి రాయండి.

కోనసీమ_అబ్బాయి
నాన్నగారిని కూర్చోబెట్టి అడిగానండి. కొబ్బరి ఆరెకరాలు, ఏడాది దింపులన్నీ కలిపి 2,60,000. వరి రెండు పంటలు, కళ్ళంలోనే దళారీకి అమ్మారు, 1,80,000. మూడున్నర ఎకరాల చెరువు కౌలు 4,20,000, మూడు దఫాలుగా లక్షా నలభై వేల చొప్పున నోట్లే ఇచ్చాడు. మిగతా 3,16,000 కొత్తది కాదు. ఇల్లు శ్లాబ్ వేయిద్దామని 2023 జనవరిలో ఇదే ఖాతాలోంచి మూడున్నర లక్షలు తీశారు. పని ఆగిపోయింది, కొంత ఖర్చయి మిగిలింది మెల్లగా వేసేశారు.

తణుకు_పద్దులు
ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. ముందు ఒకటి: ఏఐఎస్‌లో ఉన్న 11,76,000 ఆదాయం కాదు, ఇంత నగదు పడిందన్న సమాచారం మాత్రమే. ఏది ఆదాయమో చెప్పాల్సింది మీరు.

శ్లాబ్ డబ్బుకి మీ పాస్‌బుక్కే సాక్ష్యం. తీసిన ఎంట్రీ, వేసిన ఎంట్రీలు రెండూ అందులోనే ఉన్నాయి. అన్ని నెలలు ఇంట్లో ఎందుకు ఉంచారని అడగవచ్చు. మేస్త్రితో మాట్లాడిన కాగితం, కంకర బిల్లు లాంటిది ఒక్కటైనా తీసి పెట్టండి.

కొబ్బరి, వరి 4,40,000. పన్ను లేదు, ఒప్పుకుంటాను. కానీ పన్ను లేదన్న మాట డబ్బు ఎక్కడిదో చెప్పదు. పట్టాదారు పాస్‌పుస్తకం, అడంగల్, ఈ-పంట నమోదు ఉంటే భూమి, పంట రుజువవుతాయి. అమ్మకం రుజువు కావాలంటే దింపు దింపుకీ వ్యాపారి ఇచ్చిన పట్టీ, ధాన్యానికి కాటా చీటీ కావాలి. దళారీ చీటీ ఇవ్వకపోతే ఇప్పుడైనా అడిగి, బస్తాలు, ధర, తేదీ రాయించుకోండి. ఎకరానికి ఎన్ని బస్తాలు అవుతాయో అధికారికీ తెలుసు. రెండెకరాల వరి చూపించి 6 లక్షలంటే అక్కడే దొరికిపోతారు. ఏ రుజువూ లేక మిగిలిపోయిన దాన్ని లెక్క లేని డబ్బు కింద వేస్తే పన్ను, సర్‌చార్జి, సెస్సు కలిపి 78 శాతం, జరిమానా విడిగా. లక్షకి 78 వేలు పోయినట్టే. శ్లాబుల తగ్గింపు ఆ డబ్బుకి వర్తించదు.

అసలు చిక్కు చెరువు కౌలు దగ్గరుంది. అది వ్యవసాయ ఆదాయం కాదు.

లంక_రైతు
ఇది మరీ అన్యాయం! భూమి రికార్డుల్లో పల్లమే. మొన్నటిదాకా వరి పండింది. రొయ్య మాత్రం పంట కాదా?

తణుకు_పద్దులు
మనకి పంటేనండి. ఇన్‌కంట్యాక్స్ చట్టం మాత్రం దున్నడం, విత్తడం లాంటి పని నేల మీద జరిగిందా అని చూస్తుంది. చేపలు, రొయ్యలు పెంచడం దాని కిందికి రాదనే ఎక్కువగా తేల్చారు. పెంచేవాడికి అది వ్యాపారం, కౌలుకిచ్చినవాడికి మామూలు అద్దె.

భయపడకండి, లెక్క చూడండి. పన్ను వేసే ఆదాయం 4,20,000. 3 లక్షలు దాటింది కాబట్టి జూలై 31 లోపు రిటర్న్ వేయాలి. వ్యవసాయం ఖర్చులు పోను రెండున్నర లక్షలు మిగిలిందనుకుందాం. దాన్ని రేటు కోసం కలుపుతారు. కొత్త విధానంలో 6,70,000 మీద పన్ను 22,000. అందులోంచి రెండున్నర, మినహాయింపు 3 లక్షలు కలిపిన 5,50,000 మీద పన్ను 12,500 తీసేస్తే 9,500. మొత్తం ఆదాయం 7 లక్షల లోపే కాబట్టి రిబేటులో అదీ పోతుంది. కట్టాల్సింది సున్నా. వ్యవసాయ ఆదాయం 5 వేలు దాటింది కాబట్టి ఐటీఆర్-1 కుదరదు, ఐటీఆర్-2 వేయండి.

కోనసీమ_అబ్బాయి
సున్నాయా! దీనికోసమా 24 సార్లు లైన్లో నిలబడింది.

క్యాష్_కౌంటర్
ఎండలో కూడా, ఆయ్.

ఆక్వా_భీమవరం
ఒక అనుమానం. ఒకే మనిషి దగ్గర 2 లక్షలు నగదు తీసుకోకూడదంటారు కదా. కౌలు మొత్తం 4,20,000 ఒక్కడే ఇచ్చాడు. అది తగలదా?

తణుకు_పద్దులు
నేను దానికే వస్తున్నాను. ఒక మనిషి నుంచి ఒక రోజులో గానీ, ఒకే లావాదేవీకి గానీ, ఒకే సందర్భానికి గానీ 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే జరిమానా తీసుకున్నంతా, అదీ తీసుకున్నవాడికే. రోజు లెక్కన చూస్తే మీ నాన్నగారు లక్షా నలభై దాటలేదు. కానీ కౌలు కాగితం ఒక్కటే, ఏడాది మొత్తం దాని మీదే రాసి ఉంటే మూడు దఫాలూ కలిపి ఒకే లావాదేవీ అని అధికారి అనవచ్చు. నేనైతే దఫా దఫాకీ గడువు వేరు, బాకీ వేరు అని వాదిస్తాను.

క్యాష్_కౌంటర్
నేను ఒప్పుకోనండి. కాగితం ఒకటే, చెరువు ఒకటే, మనిషి ఒకడే. ముక్కలు చేసి ఇవ్వడాన్ని ఆపడానికే కదా ఆ మాట పెట్టింది. మీ వాదన నిలబడితే 49 వేల వాదన కూడా నిలబడాలి.

తణుకు_పద్దులు
రెండూ ఒకటి కాదు. అద్దె నెలనెలా ఇచ్చినా ఒకే లావాదేవీ అంటారా మరి? సరైన కారణం చూపిస్తే జరిమానా వదిలేయొచ్చని చట్టంలోనే ఉంది. కాగితంలో గడువులు ఎలా రాసుకున్నారన్నదాని మీదే చాలా ఆధారపడుతుంది. అబ్బాయి గారూ, దఫాల తేదీలు అందులో ఉన్నాయా?

కోనసీమ_అబ్బాయి
కాగితం చూశాను. "సంవత్సరానికి 4,20,000, రైతు అవసరాన్ని బట్టి ఇచ్చునది" అని మాత్రమే ఉందండి. కొత్త ఏడాదికి ఇంకా రాయలేదు. ఖాతాలో వేయమంటే కౌలుదారు ఎకరానికి 10 వేలు తగ్గించమంటున్నాడు.

లంక_రైతు
తగ్గించకండి. మా వైపు చెరువుకి పోటీ పడి వస్తున్నారు.

ఆక్వా_భీమవరం
మీ వైపు వస్తారేమోనండి. రేటు పడిపోయి మా దగ్గర చెరువులు ఖాళీగా ఉన్నాయి. మూడున్నర ఎకరాలకి 35 వేలు తేడా. 4,20,000 జరిమానా భయంతో ఏడాదంతా కూర్చునేకంటే ఆ 35 వేలు వదులుకుంటే మేలు. నేనైతే సగానికి బేరమాడి ఖాతాలోనే వేయించుకుంటాను.